ఇస్పేటు రాణి దాకా

చనిపోయే రోజు సాయంత్రం శాంతిరాజు చొక్కాకి గుండీ కుట్టుకున్నాడు. వీధి అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి కిటికీ గట్టున పెట్టి, దారం కొన నోట్లో తడిపి, మొదటి ప్రయత్నంలోనే సూదిలోకి ఎక్కించాడు. గుండీ కుట్టి, దారం పంటితో కొరికి, "ఇంక ఈ చొక్కాకి నా కన్నా ఆయుష్షు ఎక్కువరా ఏబెలూ" అన్నాడు. పక్కన టీ తాగుతున్న ఏబెల్ నవ్వేశాడు. బావ ఎప్పుడూ అలాగే అంటాడు. ఆ రాత్రి నిద్రలోనే పోయాడు.

శాంతిరాజు భార్య కృపమ్మ ఏబెల్‌కి సొంత అక్క. ఇళ్ళు పక్కపక్కనే, యానాం ఫరంపేటలో. ఏబెల్ మునిసిపాలిటీలో గుమాస్తా. శాంతిరాజు మాత్రం వయసులో ఉండగా సరుకు ఓడల మీద భోజనాల గదిలో పనిచేసి, రెండు వేల ఒకటిలో యానాం తిరిగొచ్చి స్థిరపడ్డాడు. వస్తూ తెచ్చుకున్నవి మూడు: తడిసినా చెడని ప్లాస్టిక్ పేక, బంగారు రంగు కళ్ళజోడు, స్పేడ్స్ అనే ఆట. అమెరికా ఓడల్లో తిరిగొచ్చిన ఫిలిప్పీన్స్ వంటవాడొకడు నేర్పాడట.

ఆ ఆట అరుగు మీద నలుగురికి అంటుకుంది. శాంతిరాజు, ఏబెల్ ఒక జట్టు. కృపమ్మ, ఎదురింటి ఉమామహేశ్వరం ఇంకో జట్టు. ఉమామహేశ్వరానిది తాళ్ళరేవు వైపు ఊరు, రొయ్యల మేత వ్యాపారం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. డబ్బులు పెట్టేవారు కాదు. ఆదివారం పేకముక్క ముట్టేవారు కాదు. లెక్క నల్లరాతి అరుగు మీద సుద్దముక్కతో.

"ఇందులో ఆడ్డం తేలిక, చెప్పడం కష్టం," అనేవాడు శాంతిరాజు. పదమూడేసి ముక్కలు పంచగానే, ఆట మొదలవకముందే, ఎన్ని పట్లు తెస్తావో ఒక్కొక్కరూ పాడాలి. ముందు వేసినవాడి రంగులోనే తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు, అది పెద్దముక్క వేసినవాళ్ళది. ఇద్దరి పాటా కలిపితే జట్టు పాట. అంత తెస్తే పట్టుకి పది పాయింట్లు. ఒక్కటి తగ్గినా అంతా మైనస్. తురుపు ఎప్పుడూ ఇస్పేటే. ఒక్క పట్టూ తేనని పాడితే నిల్. నిలబెట్టుకుంటే జట్టుకి వంద, ఒక్క పట్టు వచ్చి మీద పడిందా, వంద పోయినట్టే. అయిదువందలు దాటినవాళ్ళది గెలుపు, ఇద్దరూ దాటితే ఎక్కువున్నవాళ్ళది.

మరి భయపడి తక్కువ పాడుకుంటే సరిపోతుందిగా? సరిపోదు. పాడినదాని కన్నా ఎక్కువొచ్చిన ప్రతి పట్టూ ఒక బ్యాగు. దానికి ఒక్క పాయింటే. అవి పోగుపడి పది అయ్యాయంటే ఒక్కసారిగా వంద ఊడిపోతుంది.

"ఉన్నది దాచుకున్నోడికి శిక్ష ఉన్న ఆట ఇదొక్కటే," అనేవాడు. అతనికి బ్యాగులంటే అసహ్యం. నాలుగంటే నాలుగు తెచ్చేవాడు, అయిదంటే అయిదు. బతుకులోనూ అంతే. నోట్లోంచి మాట వచ్చిందా, ఇక రాయి.

ఆ రాయే కృపమ్మకి గుండెల మీద బండయ్యింది. శాంతిరాజు అన్నగారు ఛాతీ నొప్పని కాకినాడ పెద్దాసుపత్రి మెట్లు తన కాళ్ళతో ఎక్కి, మూడో రోజుకి వ్యాన్‌లో శవమై తిరిగొచ్చాడు. సమాధి దగ్గర అందరి ఎదుటా శాంతిరాజు అనేశాడు: "నా అంతట నేను ఆ మెట్లు ఎక్కను." రెండువేల అయిదు వానాకాలానికి అతనికీ ఆయాసం మొదలయ్యింది. ఏటిగట్టు ఎక్కుతూ మధ్యలో ఆగి, పడవలు చూస్తున్నట్టు నిలబడేవాడు. కృపమ్మ ఏడ్చింది, పాస్టరుగారితో చెప్పించింది, మూడు పూటలు వంట మానేసింది. "అన్న మాట అన్నానే," అనడమే తప్ప కదల్లేదు.

గోదారి ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం కృపమ్మ పేక తెచ్చి అరుగు మీద పెట్టింది. "ఏవండీ, మీ మాట మీరు తప్పక్కర్లేదు. ఆట ఆడదాం. నేను గెలిస్తే నేను తీసుకెళ్ళినట్టు. మీ అంతట మీరు వెళ్ళినట్టు కాదు."

శాంతిరాజు ఆమె వంక చూశాడు. "నేను గెలిస్తే?"

"ఇంక ఆసుపత్రి మాట ఈ గడపలో ఎత్తను. ప్రభువు మీద ఆన."

"అమ్మో, చెల్లెమ్మా, ఆన దాకా ఎందుకు?" అన్నాడు ఉమామహేశ్వరం.

"మీరు ముక్కలు సరిగ్గా చూసుకోండన్నయ్యగారూ, చాలు."

ఏబెల్ ఇరుకున పడ్డాడు. అతను బావ జట్టు. గెలిస్తే అక్క నోరు కట్టుకుపోతుంది. శాంతిరాజు అతని మనసు చదివినట్టు వేలు చూపించాడు. "ఒరేయ్, అక్క మీద జాలేసి ముక్క తప్పేశావో, పందెం రద్దు. నీ చెయ్యి నాకు తెలుసు."

నిజంగానే తెలుసు. అందుకని ఏబెల్ న్యాయంగా ఆడాడు, ఓడిపోవాలని లోపల ప్రార్థన చేసుకుంటూ. ప్రార్థన పనిచేస్తున్నట్టు కనబడలేదు. దీపాలు పెట్టే వేళకి వీళ్ళవి నాలుగువందల ముప్ఫయ్యెనిమిది, వాళ్ళవి మూడువందల డెబ్బైరెండు. ఉమామహేశ్వరం నుదురు తుడుచుకున్నాడు. కృపమ్మ పమిట బొడ్లో దోపింది.

ఒక్క చోటే వెసులుబాటుంది. నాలుగువందల ముప్ఫయ్యెనిమిదిలో చివరి ఎనిమిదీ బ్యాగులు. ఇంకో రెండు పడితే పది. ఆ ఎనిమిదిలో ఆరు ఏబెల్‌వే.

"జాగ్రత్తగా పాడరా. నీ పిరికితనం మోసుకు తిరుగుతున్నాను," అన్నాడు శాంతిరాజు, ముక్కలు పంచుతూ.

పంచినవాడు ఆఖర్న పాడాలి. ముందు ఉమామహేశ్వరం, "నాలుగండి" అన్నాడు. ఏబెల్ తన ముక్కలు రెండుసార్లు లెక్కపెట్టాడు. అబద్ధమాడ్డానికి వీల్లేదు. "మూడు."

కృపమ్మ ముక్కలు బోర్లా పెట్టేసింది. "నిల్."

ఉమామహేశ్వరం ఉలిక్కిపడ్డాడు. "చెల్లెమ్మా, చూసుకునే అన్నారా?"

"చూసుకునే."

 ఏబెల్ లెక్క కట్టాడు. నిల్ నిలబడితే వంద, ఉమామహేశ్వరం నాలుగుకి నలభై, మొత్తం అయిదువందల పన్నెండు. దాన్ని దాటాలంటే బావ కనీసం అయిదు పాడి తేవాలి. బావ చేతిలో అయిదు ఉండకూడదు దేవా, అనుకున్నాడు.

శాంతిరాజు ముక్కలు దూరంగా పట్టి, దగ్గరికి తెచ్చి, మళ్ళీ దూరంగా పట్టి చూశాడు. కళ్ళజోడు లోపల మంచం మీద ఉంది. తెస్తానంటే ఏబెల్‌ని కూర్చోమన్నాడు.

"మూడు," అన్నాడు.

ఏబెల్ ఊపిరి వదిలాడు. అంతలోనే కొత్త భయం. మొత్తం పాట పదే. పదమూడు పట్లలో మూడు ఎవరివీ కావు. నిల్ పాడినామెని పడగొడితేనే తమకి గెలుపు ఆశ, పడగొట్టడానికి చూడక తప్పదు. బావ చూపు తన వేళ్ళ మీదే ఉంది.

అయిదో పట్టుకి ఆ అవకాశం ఏబెల్ చేతికే వచ్చింది. డైమన్ మూడు వేశాడు. అంతకన్నా చిన్నది అతని దగ్గర లేదు. పక్కనున్న కృపమ్మ వేలు ఒక ముక్క మీద ఆగింది. ఆమె దగ్గర డైమన్ అదొక్కటే. జాకీ. కింద పెట్టింది. శాంతిరాజు ఆరు వేసి ఊరుకున్నాడు. ఇంక ఉమామహేశ్వరం దగ్గర అంతకు పైముక్క లేకపోతే ఆ పట్టు కృపమ్మ నెత్తిన పడ్డట్టే. ఏబెల్ అక్క మొహం వైపు చూడలేకపోయాడు.

ఉమామహేశ్వరం రెండు క్షణాలు తడుముకుని డైమన్ రాజుని అరుగు మీద చప్పుడయ్యేలా కొట్టాడు. "ఆయ్! అన్నయ్య ఉండగా!"

కృపమ్మ నవ్వలేదు. మిగిలిన ముక్కలు సర్దుకుంది.

పది పట్లు అయ్యేసరికి ఉమామహేశ్వరానికి నాలుగు, ఏబెల్‌కి మూడు. శాంతిరాజుకి ఆఠీను ఆసు మీద ఒకటి, రాజు మీద ఒకటి, పై ముక్కలన్నీ అయిపోయాక కళావరు పది మీద ఒకటి, మొత్తం మూడు. అందరి పాటలూ తీరాయి. తలా మూడు ముక్కలు మిగిలాయి, ముందు వెయ్యాల్సింది శాంతిరాజు. కృపమ్మ దగ్గర ఇస్పేటు ఒక్కటైనా ఉండి తీరాలని ఏబెల్‌కి తెలుసు. ఆట మొత్తంలో ఆమె ఒక్క తురుపూ వెయ్యలేదు. బావ చిన్న ఇస్పేటు వేశాడా, అక్క పని అయిపోయినట్టే.

శాంతిరాజు ఇస్పేటు ఆసు వేశాడు. దాని కింద కృపమ్మ ఇస్పేటు జాకీ పడింది. ఉమామహేశ్వరం "హమ్మా" అన్నాడు. తరవాత ఇస్పేటు రాజు. ఆ తరవాత, తాపీగా, ఇస్పేటు రాణి.

ఏబెల్ ఆ మూడు ముక్కల వైపు వేలు చూపించాడు. "బావా! ఆసు, రాజు, రాణి చేతిలో పెట్టుకుని మూడా? అయిదని ఉంటే అయిదువందల పంతొమ్మిది! మనం గెలిచేవాళ్ళం!"

"కళ్ళజోడు లేదురా," అన్నాడు శాంతిరాజు, ముక్కలు పోగేస్తూ. "ఇస్పేట్లూ కళావర్లూ ఒక్కలాగే నల్లగా కనబడి చచ్చాయి. అన్నీ కళావర్లేననుకున్నాను. అంత పొడుగు వరసలో ఒక్కటి నడిస్తే గొప్పని కట్టాను. నడుమ తెలిసింది. తెలిసి ఏం లాభం, పాడింది పాడిందేగా."

సుద్దముక్క ఏబెల్ చేతిలోనే ఉంది. ఆరుకి అరవై, మూడు బ్యాగులకి మూడు, అయిదువందల ఒకటి. ఎనిమిదీ మూడూ పదకొండు బ్యాగులు, వంద కోత. నాలుగువందల ఒకటి అని రాశాడు. అవతల అయిదువందల పన్నెండు. రాస్తుంటే అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ముసలాడివైపోయావు బావా."

"అవునురా," అన్నాడు శాంతిరాజు. కృపమ్మ అప్పటికే గోడకి ఆనుకుని పమిట మొహానికి అడ్డం పెట్టుకుంది. "సర్లేవే, ఎన్నింటికి బయల్దేరాలి? ఉమామహేశ్వరంగారూ, మీ కారులో ఏసీ పనిచేస్తుందా?"

"పని చెయ్యకపోతే నేను విసురుతానండి బాబూ."

కాకినాడలో గుండె రక్తనాళం రెండు చోట్ల పూడిందన్నారు. ఇంకో నెల ఆగుంటే చెప్పలేం అన్నారు. అక్కడి మెట్లు కృపమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కాడు. ఆ తరవాత నాలుగేళ్ళు బతికాడు. నాలుగేళ్ళూ అరుగు మీద ఆట సాగింది, నాలుగేళ్ళూ ఏబెల్ అతన్ని "కళావరు బావా" అని ఏడిపించాడు. శాంతిరాజు ఒక్కసారీ కోప్పడలేదు. మరింకెప్పుడూ అలాంటి తప్పు చేసిందీ లేదు.

సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్ళకి కృపమ్మ ఆ బంగారు రంగు కళ్ళజోడు తమ్ముడి చేతిలో పెట్టింది. "ఫ్రేము మంచిదిరా. నీకు చదవడానికి అద్దాలు వేయించుకో. ఊరికే పెట్టెలో పడుండడమెందుకు?"

ఏబెల్ బజారులో కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు. కొట్టు ఆయన అద్దాలు దీపానికి ఎదురుగా పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి ఎవరివండీ?"

"మా బావగారివి. పేపరు చదవడానికి, పేకాడ్డానికి అన్నిటికీ ఇవేనండి."

"పెట్టుకుని ఉంటారేమో గానండి, అవసరం అందుకు కాదు. ఇవి దూరం చూపువి. ఈ నంబరున్నవాళ్ళకి ఏటి అవతల ఒడ్డు కనబడదు గానీ, చేతిలో ఉన్నది జోడు తీసేస్తేనే శుభ్రంగా కనబడుతుందండి. సూది బెజ్జంతో సహా."