రేడియో దగ్గర ఆపాల్సింది

రొయ్యల చెరువుల కోసం మేం తయారుచేసిన పరికరం గురించి చెప్పమంటే నేను ఆరు నిమిషాలు ఆగకుండా చెప్పేదాన్ని. సెన్సారు, సిమ్ కార్డు, రొయ్యల మార్కెట్టు, భవిష్యత్తు, అన్నీ వరసగా వచ్చేవి. చివర్లో "మీ సహకారం కావాలి" అనేదాన్ని. ఏం సహకారమో నాకే తెలియదు.

రొయ్యల మేత డీలర్లు విజయవాడలో సమావేశం పెట్టుకుని, కొత్తగా కంపెనీలు పెట్టినవాళ్లకు మనిషికి అర నిమిషం ఇస్తామన్నారు. స్క్రీన్ లేదు, మైకు మాత్రమే. ఒక్క పంట కాలం పరికరాన్ని వాడి చూసే చెరువులు దొరక్కపోతే మా కంపెనీ మూసుకోవడమే. అందుకని గవర్నర్‌పేటలో మేడమీద గదిలో కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. జీవితమంతా ఊరూరా తిరిగి సరుకు అమ్మినాయన. నా ఆరు నిమిషాలూ కళ్లు మూసుకుని విన్నారు.

"ఇప్పుడు నన్ను ఇందులో ఒక్క ముక్క చెప్పమంటావా? ఏమీ గుర్తులేదమ్మా. అసలు నీకు ఈ ఆలోచన ఎందుకొచ్చిందో అది చెప్పు."

మా నాన్న రేడియో గురించి చెప్పాను. ఆయన కళ్లు తెరిచారు.

"అదీ. అదొక్కటే ఉంచు. రెండోది పెట్టావా, రెండూ పోతాయి. చివర్న ఏం కావాలో అడుగు. వాళ్లు అక్కడికక్కడే అవుననో కాదనో అనగలిగేది అడుగు."

సెన్సారు పోయింది, మార్కెట్టు పోయింది, నేను ముచ్చటపడి రాసుకున్న భవిష్యత్తూ పోయింది. ఫోన్లో టైమర్ పెట్టి చదివితే ఇంకా కాస్త వ్యవధి మిగిలింది. మిగిలితే మిగలనీ, ఊపిరి పీల్చుకో అన్నారు పెద్దాయన. నాకేమో ఖాళీ కనిపిస్తే నింపే జబ్బు.

సమావేశానికి రైతుల్నీ పిలిచారు. హనుమాన్ జంక్షన్ అవతల మా ఊరి నుంచి నాన్న వచ్చారు. మా పక్క చెరువు మావయ్య కూడా ఆయనతో పాటే బస్సెక్కి వచ్చాడు. ఇద్దరూ రెండో వరసలో కూర్చున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నేను మైకు పట్టుకున్నాను.

"నమస్కారమండీ. మా నాన్న రొయ్యల చెరువు గట్టు మీద కరెంటు రేడియో పెట్టుకుని పడుకుంటారు. పాటల కోసం కాదు. కరెంటు పోతే ఏరేటర్లు ఆగి నీళ్లలో గాలి తగ్గిపోతుంది. రేడియో కూడా ఆగుతుంది, ఆ నిశ్శబ్దానికి ఆయన లేచి జనరేటర్ వేస్తారు. ఒక రాత్రి లేవలేదు. తెల్లారేసరికి చెరువు పోయింది. మా పరికరం ఏరేటర్ ఆగగానే, రైతు ఎత్తేదాకా ఫోన్ చేస్తూనే ఉంటుంది. మీ రైతుల్లో ముగ్గురి చెరువులకు ఈ పంటకి పెట్టనివ్వండి. ఎవరిని కలవాలో చెప్పండి, చాలు."

చప్పట్లు కొట్టారు. నేను రెండో వరస వైపు చూశాను. నాన్న తల వంచుకుని చొక్కా గుండీ సవరించుకుంటున్నారు. మావయ్య ఆయన్నే చూస్తున్నాడు.

"అయితే వైరస్ కాదన్నమాట, బావా" అన్నాడు.

చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోయిన పొద్దున నాన్న ఊళ్లో వైరస్ అని చెప్పారు. నిద్రపోయానని చెప్పుకోలేకపోయారు. ఆ మాట నమ్మి మావయ్య తన చెరువుకీ అంటుకుంటుందని భయపడి, ఇంకా పెరగాల్సిన రొయ్యల్ని చిన్నగా ఉండగానే పట్టేసి నష్టపోయాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, టైము మిగిలింది కదా అని, సమావేశానికి ఆటోలో వస్తూ, ఒక రాత్రి ఆయన లేవలేదని, చెరువు పోయిందని ఆ రెండు వాక్యాలూ కలిపాను. జాలి పుడుతుందనుకున్నాను. మైకు ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు.

భోజనాల దగ్గర ఒక డీలరు వెతుక్కుంటూ వచ్చాడు.

"రేడియో అమ్మాయివి నువ్వే కదమ్మా? మా వాళ్లవి మూడు చెరువులు చూపిస్తాను, రేపు రా."

సిగ్గు విడిచి అడిగాను, ఆ రాత్రి చెరువు పోయిన సంగతి విన్నారు కదండీ అని.

"చెరువు పోయిందా? ఎవరిది?" అన్నాడు.

మావయ్య భోజనం చేయకుండా ముందే వెళ్లిపోయాడు. బస్టాండులో నాన్న, నేను పక్కపక్కనే నిలబడ్డాం. క్షమించమని అడగాల్సింది పోయి, వచ్చే బస్సుల బోర్డులు చదువుతున్నాను. బస్సు వస్తుంటే ఆయనే మాట్లాడారు.

"బాగా చెప్పావమ్మా. రేడియో దగ్గర ఆపినా సరిపోయేది."

ఇప్పుడు ఎక్కడ మాట్లాడినా రేడియో దగ్గరే ఆపి, అడగాల్సింది అడుగుతున్నాను. ఏదో తగ్గిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మావయ్య మాత్రం మా గట్టు మీదుగా నడవడం మానేశాడు.