చిన్నమ్మ ఫోను ఒప్పుకుంది

ముంబైలో మా చాల్‌ను, అంటే మేమంతా ఒక్కో గదిలో ఉండే పాత భవనాన్ని, పడగొట్టి కొత్తగా కట్టే సంగతి మీద ఆదివారం ఆన్‌లైన్ మీటింగ్ జరిగింది. నేను లేను. దాదర్‌లో ఒక పెళ్లిలో రెండోసారి పెరుగన్నం వడ్డించుకుంటూ సమాజసేవకు దూరంగా ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం మేమంతా 'కాక' అని పిలిచే కమిటీ పెద్ద మీటింగ్ మాటలను అక్షరాల్లోకి మార్చిన ఫైలు పంపి ఫోన్ చేశాడు.

"తమ్మీ, బీకామ్ చదివినవ్ గదా. సాయంత్రం బిల్డర్ మనుషులొస్తున్రు. ఏం తీర్మానమైంది, ఎవరేం చెయ్యాలె, జల్దీ రాసియ్యి."

"వీడియో?"

"రెండు గంటలది. గదంత జూస్తే ఇవాళ అయితదా?"

ఫైలును ఫోన్‌లోని ఏఐకి అప్పగించాను. తీర్మానాలు, పనులు, బాధ్యుల పేర్లు చక్కగా వచ్చాయి. మూడోదాని దగ్గర నా చెయ్యి ఆగింది. తాత్కాలిక ఇళ్లు చూపకముందే కింది అంతస్తు ఖాళీ చేయడానికి ఒప్పుకుందట. ఒప్పుకున్నది మా చిన్నమ్మ. ఆమె బతుకు ఆ గదిలోని కుట్టుమిషను మీదే. ఈ తీర్మానం బిల్డర్ చేతికి వెళితే మిషను రోడ్డున పడ్డట్టే.

ఫైలు తెరిచి వెతికాను. చిన్నమ్మ పేరు పక్కనే ఉంది: "సరే, ఖాళీ చేస్తం." అయితే పై పేజీల్లో ఆమే లిఫ్ట్ కావాలంది, ఆమే వద్దంది, మరాఠీలో నీళ్ల గురించి తిట్టింది, తన మాటకు తనే అడ్డొచ్చి "నువ్వాగు" అంది. ఇంత చురుకైన మనిషి కాదు. మా దగ్గర మీటింగ్‌లో ఎవరూ ఒక్కరే కూర్చోరు. ఒక ఫోను చుట్టూ అంతస్తంతా చేరుతుంది. ఎవరు నోరు తెరిచినా ఫైలులో పడేది ఫోను గలవారి పేరే.

కిందికి దిగి అడిగాను.

"నేనెందుకంట బిడ్డా? అప్పుడు చాయ్ పెడుతున్న. ఎవరన్నరో ఎరుకలేదు. ఫోనైతే డబ్బాకు ఆనిచ్చిన, దాంట్ల ఫ్యాను తప్ప ఏం కనవడదు." కుడుతున్న బట్ట చేతిలోకి తీసుకుని, "రాసి పంపినవా?" అంది. చేతిలో బట్ట నలుగుతోంది.

అంతలో కాక ఫోను. "వాళ్లు నాగ్‌పాడా దాటిన్రు. పంపినవా?"

"మూడోది తీర్మానం కాదు కాకా. ఆమె అనలేదు."

"ఫైల్ల ఉన్నది గదా."

"ఫైల్లో ఉన్నది ఆమె ఫోను."

నేను ఇలా మార్చి పంపాను: ముందుగా ఖాళీ చేయడంపై మాట వచ్చింది, అన్నది ఎవరో రికార్డును బట్టి తెలియదు, నిర్ణయం కాలేదు, బాధ్యులు ఎవరూ ఖరారు కాలేదు.

సాయంత్రం అందరి ముందు బిల్డర్ మనిషి అది చదివి, "మరి కింది అంతస్తువాళ్లను అడిగేదెవరు?" అన్నాడు హిందీలో. అందరూ కాక వైపు చూశారు. కాక నా వైపు చూశాడు. నేను ఫైలు వైపు చూశాను. చదువుకున్నవాడికి ఆ వసతి ఉంది.

కాక లేచి చిన్నమ్మ గడప దగ్గర చెప్పులు విడిచాడు. "అక్కా, ఖాళీ చేస్తవా?"

"ఇల్లు చూపియ్యుర్రి. తర్వాత చేస్త," అంది, మిషను ఆపకుండా.

ఈసారి ఎవరన్నారో రాయడం కష్టం కాలేదు.