ఉగ్గుగిన్నెలో కొలిచిన పాలు

నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు మేము శంషాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన ఎయిర్‌పోర్టులో సామాను ఎత్తే పనికి తెల్లవారకముందే పోవాలి. రెండు నెలలు నిండినా బిడ్డ రాత్రిళ్ళు ఊరికే లేచి రొమ్ము వెతుక్కునేది. తాగేది, కునికేది, మళ్ళీ లేచేది.

"పాలు సాలకపోతే పిల్ల ఎట్ల పండుతదే?" అనేది మా అత్త. గోడ అవతలి ఆమెదీ అదే పాట. ఊరి నోళ్ళన్నీ నా రొమ్ముల మీదే పడ్డాయి! ఒళ్ళు మండేది. అంతకంటే ఎక్కువగా భయం వేసేది, నా బిడ్డను నేనే మాడుస్తున్నానేమోనని.

ఒకరోజు అత్త ఉగ్గుగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "పిండు, ఎన్నున్నయో సూద్దాం."

బిడ్డ అప్పుడే తాగి పడుకుంది. సిగ్గు చంపుకుని పిండాను. వేళ్ళు నొప్పి పుట్టాయి గానీ గిన్నె అడుగు సరిగా తడవలేదు. "నీ తప్పేముంది బిడ్డా, కొందరికి రావు" అంది అత్త. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే సీసా వచ్చింది. సగం నీళ్ళు కలిపిన బర్రెపాలు గటగటా తాగి బిడ్డ తెల్లవార్లూ పడుకుంది. "సూసినవా, ఆకలే గది!" అని అత్త మురిసిపోయింది. నేనూ మురిశాను. రొమ్ముకు పెట్టడం తగ్గింది, కొద్దిరోజులకు పాలు నిజంగానే తగ్గాయి.

తర్వాత బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు గుంటలు పడ్డాయి, నోరు ఎండింది, ఏడవడం కూడా మానేసింది. ఆటోలో పట్నం దవాఖానకు పోతుంటే అత్తాపూర్ దాటేదాకా అత్త ఒకటే మొక్కు: "దేవుడా, నా పాణం తీస్కో."

సెలైన్ పెట్టించాక డాక్టరమ్మ అడిగింది. "సీసా పట్టకముందు ఉచ్చ బాగా పోసేదా? బరువు పెరిగిందా?"

"గుడ్డలు ఆరేసుటానికి తాడు సాలకపోతుండె. టీకా సూదికి పోయినప్పుడు తూస్తే మంచిగనే పెరిగింది" అన్నాను.

"మరి పాలు చాలలేదని ఎట్లా అనుకున్నారమ్మా? ఈ వయసులో రాత్రి లేవడం మామూలే. బిడ్డ తాగినన్ని పాలు చేత్తో పిండితే రావు. సీసా పారేసి మాటిమాటికీ రొమ్ముకు పెట్టు. ఎంత తాగితే అంత ఊరతాయి."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కానీ బిడ్డకు చీకే ఓపిక లేదు. రెండుసార్లు లాగి తల వాల్చేసేది. చుక్కచుక్క పిండి చెంచాతో పోసేదాన్ని. పక్క మంచం మీది పసివాణ్ణి గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. ఆ తల్లి ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వార్డంతా కునుకు తీస్తుంటే నా బిడ్డ గొంతు చించుకుని లేచింది. ఎదురు మంచం ఆమె విసుక్కుంది. "జర ఊకుంచక్కా, నా పిల్లగాడు గిప్పుడే పండిండు."

"ఏడ్వనియ్యి చెల్లే, జరసేపు ఏడ్వనియ్యి" అన్నాను.