సాఫ్ సాఫ్ రాసిన నోటీసు

నా చేతిరాత బాగుంటుందని నాకు మొదటి నుంచీ కొంచెం పొగరు. ఎనభైల నడుమ జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కన, పంపుసెట్లకు ఇనుప భాగాలు పోతపోసే చిన్న కార్ఖానాలో గుమాస్తాగా చేసేదాన్ని. ఇంగ్లీషు నోటీసులు టైపు చేయడం, వాటినే తెలుగులో చేత్తో రాసి బోర్డుకు అంటించడం నా పని. పండగ సెలవులు, బోనసు కబురు, మంచినీళ్ల కుండ దగ్గర ఉమ్మొద్దన్న హెచ్చరిక, అన్నీ నా అక్షరాలే. మా వాడలో నౌకరీకి పోయిన మొదటి ఆడపిల్లను నేను. అమ్మ జాకెట్లు కుట్టేది, ఇంటి కిరాయి మాత్రం నా జీతంలోంచే పోయేది.

ఒక చలికాలం మా మేనేజరు హైదరాబాద్ ఆఫీసుకు పోయి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. మా సరుకు కొనే ఇద్దరిలో పెద్ద బేరగాడు ఆర్డరు ఆపేశాడట. రెండు షిఫ్టులు ఒకటి కావాలి, కొందరు ఇంటికి పోవాలి. ఆయన వెంట తెచ్చిన ఇంగ్లీషు కాగితంలో మాత్రం ఈ ముక్క ఎక్కడా లేదు. "ఉత్పత్తి విధానంలో కొన్ని సర్దుబాట్లు జరగనున్నవి, సిబ్బంది సహకరించవలెను" అని ఉంది. నేను దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగు చేసి, పగటి తిండికి ముందు అంటించాను.

మధ్యాహ్నం కల్లా కార్ఖానా మొత్తం మూతపడిందని ఊరంతా పాకింది. గేటు ముందు చాయ్ హోటలాయన ఉద్దెర బంద్ చేసి, పైసలు పెడితేనే చాయ్ అన్నాడు. కోహీర్ నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు తమ సొంత పనిముట్లు మూట కట్టుకున్నారు. ఉద్యోగానికి ఏ ఢోకా లేని అచ్చుల మేస్త్రీ కూడా తన పనిముట్ల మూటతో, వేరే పని వెతుక్కోవడానికి సెలవు చీటీ పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.

"మూసేస్తమని అందులో యాడ రాసిన, తాతా?" అన్నాను విసుగ్గా.

కొలిమి దగ్గర పనిచేసే పెద్దాయన అతని వెనకే ఉన్నాడు. ఆయనే జవాబిచ్చాడు. "బిడ్డా, పోస్టోడు తార్ తెస్తడు. 'నాయినకు సీరియస్, ఎంటనే రా' అని ఉంటది. మనమేమనుకుంటం? సీరియస్ అనుకుంటమా? పీనుగు లేచిందనుకుంటం. ఏడ్సుకుంటనే బస్సెక్కుతం. గిది గట్లనే ఉన్నది."

మా దగ్గర చావుకబురు ఎప్పుడూ మెత్తగానే వస్తుంది, అందుకే మెత్తటి కబురు దేన్నీ ఎవరూ నమ్మరు. మేం కొందరిని నొప్పించకూడదనుకుని అందరినీ చంపినంత పని చేశాం.

నేను నేరుగా మేనేజరు గదిలోకి పోయి, "సార్, ఆ కాగితం చింపేద్దాం. ఉన్నది ఉన్నట్టు రాద్దాం" అన్నాను. ఆయన నగరంలో పెరిగిన మనిషి, మంచివాడు, కానీ కఠినమైన మాట చెప్పాలంటే నాలుక తడారిపోతుంది. "గొడవ చేస్తారేమోనమ్మా" అన్నాడు. "గొడవ అప్పుడే అయింది సార్, బయటికొచ్చి చూడండి" అన్నాను. చూశాడు. తర్వాత ఫోను బుక్ చేసి హైదరాబాద్ ఆఫీసుతో చాలాసేపు మాట్లాడి, ఒప్పించాడు. ఆ మాత్రం ధైర్యం చేసినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

మరునాడు ఇద్దరం కూర్చున్నాం. ఆయన చట్టం పుస్తకం చూసి చెబుతుంటే నేను వాడుక మాటల్లోకి మార్చాను. మొదటి వాక్యంలోనే అసలు సంగతి: ఆర్డరు పోయింది, రెండో షిఫ్టు ఆగిపోతుంది, తొమ్మిది మంది ఉద్యోగాలు పోతాయి. ఇందులో వాళ్ల తప్పు లేదు. ఏ పనిలోనైనా చివర చేరినవాళ్లే ముందు పోతారు, ఎవరికీ మినహాయింపు లేదు. ఎవరు ఎప్పుడు చేరారో చూపే జాబితా ఇదుగో, తప్పు కనబడితే వారంలోపు చెప్పండి, సరిచేస్తాం. ఆ తర్వాతే ఎవరి ఉత్తరం వారి చేతికి ఇస్తాం. అక్కడి నుంచి నెల రోజులు పని, జీతం ఉంటాయి. పోయేనాడు, చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం. అయిదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ వేరే. పీఎఫ్ కాగితాలు ఆఫీసులోనే నింపిస్తాం. లేబర్ ఆఫీసుకు తెలియజేస్తున్నాం. మళ్లీ మనుషులను తీసుకుంటే ముందు పిలిచేది వీళ్లనే.

"ఆర్డరు త్వరలో తిరిగి వస్తుందని ఆశిస్తున్నాం, అని పెడదామా?" అన్నాడు మేనేజరు.

"వస్తదని మీకు తెలుసా సార్?"

"తెలియదు."

"అయితే తెలియదనే రాద్దాం."

అట్లాగే రాశాం. నా జీవితంలో నేను రాసిన వాక్యాల్లో అంత బరువైనది ఇంకొకటి లేదు.

ఇక పోయేవాళ్ల జాబితా. కార్ఖానాలో ఎనిమిది మంది, ఆఫీసులో ఒకరు. ఆఫీసులో గుమాస్తాలం ముగ్గురం, చివర చేరినదాన్ని నేను. ఈ సంగతి నాకు ముందు రోజే తట్టింది. తట్టినా, తట్టనట్టు కూర్చున్నాను. మేనేజరు తలెత్తకుండా అన్నాడు: "నిన్ను గుమాస్తాల లెక్కలోంచి తీసి నా స్టెనోగా వేరే చూపిస్తాను. నీకంటే ముందు చేరిన హాజరు గుమాస్తా పోతాడు. చేయగలను."

అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది. కిరాయి గుర్తొచ్చింది, అమ్మ కుట్టుమిషను చప్పుడు గుర్తొచ్చింది. సరే సార్ అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ కళ్ల ముందు నా చేతిరాత తడి ఆరకుండా ఉంది: ఎవరికీ మినహాయింపు లేదు. ఆ వాక్యం నేను రాసిందే. దాన్ని ఉంచి నేను మిగిలితే అది అబద్ధం, దాన్ని కొట్టేస్తే మిగతా కాగితం చిత్తుకాగితం.

"వద్దు సార్," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. తొమ్మిదో పేరు రాశాను. మిగతా ఎనిమిది పేర్లకన్నా ఒక్క అక్షరం కూడా వంకర పోనివ్వలేదు.

సాయంత్రం పని వదిలే వేళ అంటించి జారుకుందామన్న ఆలోచన మేనేజరుకే నచ్చలేదు. పొద్దున చాయ్ అయ్యాక, రెండు షిఫ్టుల వాళ్లనూ రప్పించి, యంత్రాలు ఆపించి, నన్ను తెలుగులో చదవమన్నాడు. ఆయన ఉర్దూలో చెప్పాడు. రోజంతా ఎవరేమడిగినా జవాబు చెప్పడానికి గది తలుపు తెరిచే ఉంచుతానన్నాడు. నేను పేర్లు మాత్రం చదవలేదు. నలుగురిలో పేరు పెట్టి పిలిచి తలవంచేటట్టు చేయడం నాకు ఇష్టం లేదు. పోయేవాళ్ల జాబితా బోర్డు మీద ఉంది.

ఎవరో వెనకనుంచి, "గిది మొదటి ముక్కనే. మిగిలినోళ్లను వచ్చే నెల తీస్తరు, సూడు. పైకి గిట్లనే చెప్తరు" అన్నారు. గుంపంతా మళ్లీ గుసగుసలాడింది. అంత రాసీ ఫలితం లేదా అనుకున్నాను.

కొలిమి పెద్దాయన బోర్డు దగ్గరికి పోయాడు. చదువు అంతంతమాత్రం, వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైనుంచి కిందికి వచ్చాడు. రెండో షిఫ్టులో చేసే తన కొడుకు పేరు దగ్గర వేలు ఆగింది. మళ్లీ కిందికి జరిగి, చివరి పేరు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"అరే, ఇగ లొల్లి సెయ్యకున్రి," అన్నాడు గుంపుతో. "రాసిన పిల్ల పేరు గూడ ఇందులనే ఉన్నది. కాయిదం నిజమే. మిగిలినోళ్లు పోయి పని సూసుకోన్రి."

అచ్చుల మేస్త్రీ మూట విప్పాడు. ఒక్కొక్కరే లోపలికి పోయారు. ఎనిమిది మంది నా చుట్టూ మిగిలారు, నేను తొమ్మిదోదాన్ని. పీఎఫ్ కాగితాలు నింపడానికి నా బల్ల దగ్గరికి నడిచాం.