పదహారుతో తెగని గింజలు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనుకుంటాను. ముప్పై ఏళ్లుగా బోటనీ చెబుతూ, పేపర్లు దిద్దుతూ ఉన్నవాడికి ఆ జబ్బు ముదరక ఏమవుతుంది?

మా మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్ సెంటరుకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో మూడు బ్రాంచీలు. ప్రతి ఆదివారం మూడింటికీ ఒకే పరీక్ష. బోటనీ పేపరు రాసేది నేనే. ఆ వారం జెనెటిక్స్‌లో ఒక ప్రశ్న కావాలనే మెలిపెట్టి రాశాను. శుద్ధమైన గుండ్రని పసుపు గింజల బఠానీని, ముడతల ఆకుపచ్చ గింజల బఠానీతో కలిపితే వచ్చిన మొదటి తరం మొక్కను, మళ్లీ ముడతల ఆకుపచ్చ గింజల మొక్కతో కలిపారు. వచ్చిన రెండు వందల గింజల్లో ముడతల పసుపువి సుమారు ఎన్ని?

టెస్ట్ క్రాస్ అనే మాట యాడా పెట్టలేదు. అదే మెలిక. మొదటి తరం మొక్కను దానితో దాన్నే కలిపితే తొమ్మిది, మూడు, మూడు, ఒకటి నిష్పత్తి వస్తుంది; మొత్తం పదహారు పాళ్లలో ముడతల పసుపువి మూడు పాళ్లు. అప్పుడు జవాబు ముప్పై ఎనిమిది దరిదాపుల్లో ఉంటుంది. రెండు గుణాల్లోనూ రిసెసివ్, అంటే అణిగిపోయే రకం, అయిన మొక్కతో కలిపితే అది టెస్ట్ క్రాస్; నాలుగు రకాలూ సమానం, జవాబు యాభై. తొందరపడేవాడు 'మొదటి తరం' అన్న మాట కంటబడగానే తొమ్మిది, మూడు, మూడు, ఒకటి అని అందుకుంటాడు. ఆ తొందర కోసమే ముప్పై ఎనిమిదిని కూడా ఆప్షన్లలో పెట్టాను.

అనుకున్నట్టే హిందూపురం పిల్లలు, పెనుకొండ పిల్లలు దాదాపు అందరూ బోల్తా పడ్డారు. ధర్మవరం పిల్లలు మాత్రం అందరూ యాభై పెట్టారు. ఒక్కరు కూడా తప్పలేదు! నాకు ఒళ్లు మండిపోయింది. మెలికపెట్టిన ప్రశ్నకు క్లాసు క్లాసంతా సరైన జవాబు రాస్తే, అది చదువు కాదు, లీకు.

ధర్మవరంలో బోటనీ చెప్పేది నల్లమాడ వైపు నుంచి వచ్చిన ఒక మేడం. చేరి ఏడాది కూడా కాలేదు. వేరుశనగ సేద్యం చేసే ఇంట్లోంచి చదువుకుని వచ్చింది, ఆ ఇంటికి నెల జీతం ఆమెదొక్కటే. ప్రిన్సిపాల్ నన్ను పిలిపించాడు.

"ఏమప్పా, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పో. పేపరు ముందే పిల్లలకు చెప్పిందని తేలితే ఫోన్లో ఒక్క మాట చెప్పు చాలు. సాయంత్రానికల్లా ఇంటికి పంపిచ్చేద్దాం."

ధర్మవరం పిల్లలు పరీక్షలో వాడిన ప్రశ్నపత్రాలు సంచిలో పెట్టుకుని ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండ కొండ కిటికీలో కనిపించే దాకా వాటినే తిరగేస్తూ కూర్చున్నాను. ఆ ప్రశ్న పక్కన, అంచున, అందరూ ఒకటే లెక్క చేశారు. రెండు వందలను పదహారుతో భాగించి, పన్నెండున్నర అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేశారు. ఆ తర్వాత యాభైకి టిక్కు. పదహారు ఎందుకు? టెస్ట్ క్రాస్‌కు కావలసింది నాలుగు కదా. ఇదేదో సైగ అనుకున్నాను. ధర్మవరం వచ్చేసరికి నా మనసులో ఆ అమ్మాయి దొంగ అయిపోయింది.

మేడం స్టాఫ్ రూములో నాకు టీ తెప్పించింది. నేను తాగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లు ఎలా ఉంటారో నాకు తెలుసు కాబట్టి ఆమె ముఖమే చూస్తున్నాను.

"మీ పిల్లలంతా టెస్ట్ క్రాస్ కనిపెట్టేసినారే?" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "అవును సార్! నెల దినాలు అదే చెప్పినా. ప్రశ్నలో టెస్ట్ క్రాస్ అని ఉండదు, రెండో మొక్క ఎట్లాంటిదో చూడండి, అది ఇచ్చే బీజకణాలు ఎన్ని రకాలో చూడండి అని గొంతు పోయేటట్లు అరిచినా. ఇన్నాళ్లకు ఎక్కింది సార్."

ఆ వెలుగు కూడా నటనే అనుకున్నాను. పదండి క్లాసుకు అన్నాను.

బోర్డు మీద కొత్త ప్రశ్న రాశాను. అవే బఠానీలు, అదే మొదటి తరం మొక్క, అదే ముడతల ఆకుపచ్చ మొక్క. గింజల సంఖ్య మాత్రం నూట అరవై. ముడతల పసుపువి ఎన్ని?

"ముప్పై సార్!" క్లాసంతా ఒక్క గొంతుతో అంది.

జవాబు నలభై. మేడం ముఖం పాలిపోయింది. నాకు, సిగ్గులేకుండా చెబుతున్నాను, సంతోషం వేసింది. దొరికింది దొంగ అనుకున్నాను. ముందు బెంచీలో ఉన్న చెన్నేకొత్తపల్లి అమ్మాయిని లేపాను.

"ముప్పై ఎట్లొచ్చింది?"

"నూట అరవై పదహారుకు తెగుతాది కదా సార్. తెగితే తొమ్మిది, మూడు, మూడు, ఒకటి. తెగకపోతే టెస్ట్ క్రాస్."

"ఎవరు చెప్పినారు నీకు? మేడమా?"

"లేదు సార్, మేడంకు తెలీదు. మేమే కనుక్కున్న్యాం. మీ పేపర్లన్నీ చూసినాం సార్. తొమ్మిది, మూడు, మూడు, ఒకటి వచ్చే లెక్కలో మీరు ఎప్పుడూ నూట అరవై, మూడు వందల ఇరవై, పదహారు వందలు... ఇట్లాంటివే ఇస్తారు. టెస్ట్ క్రాస్‌కైతే వంద, రెండు వందలు. ప్రశ్న చదివే పనే ల్యా."

నిజమే. అరలూ పావులూ రాకుండా గింజలు చక్కగా తెగాలని నా చాదస్తం. టెస్ట్ క్రాస్‌కు నాలుగుతో తెగితే చాలు గనుక, చేతికొచ్చిన గుండ్రటి అంకె వేసేవాడిని. ఇన్నేళ్లుగా ప్రతి ప్రశ్నలోనూ జవాబు నేనే చెప్పేస్తున్నానన్నమాట. నేను మొక్కలను మెలిపెట్టి దాచిపెడితే, వీళ్లు మొక్కల వంక చూడకుండా నన్ను చదివేశారు. అసలు ఎంట్రన్స్ పేపరు రాసేది నేను కాదు. అక్కడ ఈ పిల్లల గతి ఏమిటి?

మేడం డస్టరు తీసుకుని నూట అరవైని తుడిచేసింది. "ఇప్పుడు చెప్పండి. అంకె లేదు. ముడతల ఆకుపచ్చ మొక్క ఎన్ని రకాల బీజకణాలు ఇస్తుంది?"

పిల్లలు నోటుపుస్తకాల్లో గళ్లు గీయడం మొదలుపెట్టారు. చివరికి అదే అమ్మాయి, "ఒకటే రకం మేడం. రెండూ రిసెసివే కదా," అంది. "మొదటి తరంది నాలుగు రకాలు, సమానంగా. అట్లయితే గింజలు కూడా నాలుగు రకాలు, సమానంగా... అయ్యో, నలభై!"

వరండాలోకి వచ్చి ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను. మేడం నా పక్కనే నిలబడింది. తన ఉద్యోగం ఆ ఫోన్లో ఉందని అప్పటికి ఆమెకు అర్థమైంది. చేతికి అంటిన సుద్దను చీర కొంగుతో తుడుస్తూనే ఉంది.

"లీకైంది నిజమే," అన్నాను.

"చూస్తివా, నేను చెప్పలేదా? ఆమేనా?"

"ఆమె కాదు. నేనే."

అంతా విడమరిచి చెప్పేసరికి అవతలివాడు ఆమె ఉద్యోగం జోలికి పోనన్నాడు. మూడు బ్రాంచీల్లో ధర్మవరానికి వచ్చిన మొదటి ర్యాంకు కూడా అట్లే ఉండనీ, బోర్డు రాయించేశాం అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"ఆ ప్రశ్న మార్కులు తీసేయండి సార్," అంది. "నేను చెప్పింది ఎక్కిందని మా నాయనకు కూడా ఫోన్ చేసి చెప్పుకుంటిని. అది నేను చెప్పిన చదువు కాదు. ర్యాంకు పోతే పోనీ. రేపట్నుంచి మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంటా."

మార్కులు తీసేశాం, ధర్మవరం మూడో స్థానానికి పడిపోయింది. ఆ రోజు ఆ వరండాలో, గుమ్మడికాయల దొంగ కోసం అంత దూరం వెళ్లినవాణ్ణి, భుజాలు తడుముకుంటూ నిలబడిపోయాను.