తీరిన అప్పుకు ఇంకో కిస్తీ

ఉదయం పదకొండు ఇరవైకి బ్యాంకు కౌంటర్లో గుమస్తా నా పాస్‌బుక్కును ప్రింటర్లోంచి తీసి, చూడకుండానే ఇచ్చాడు. చివరి వరుసలో స్కూటరు అప్పు కిస్తీ కోసినట్టు ఉంది. పక్కన ఈసీఎస్ అని మూడక్షరాలు. ఆ అప్పు అంతకు ముందు నెలాఖరులోనే తీరిపోయింది. మా ఆయన స్వయంగా ఫైనాన్స్ కంపెనీకి వెళ్ళి, మిగిలిన మొత్తం ఒకేసారి కట్టి, ముద్ర వేసిన రసీదు తెచ్చుకున్నారు. పదిహేను రోజుల్లో నో డ్యూస్ సర్టిఫికెట్టు పోస్టులో వస్తుందని చెప్పారట. సర్టిఫికెట్టు రాలేదు. ఈలోగా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కొంత మాట పోయాయి.

బ్యాంకు మేనేజరు మర్యాదస్తుడు. "కంపెనీ అడిగింది, మేం ఇచ్చాం. నెలనెలా ఈసీఎస్ కింద ఖాతాలోంచి కోసుకోవచ్చని ముందే సంతకం చేసిచ్చిన అనుమతి ఉంది కదమ్మా. ఇకమీదట కోయకుండా ఆపమని మీరు రాసివ్వండి, ఉమ్మడి ఖాతా కాబట్టి మీ సంతకం చాలు. పోయిన డబ్బు మాత్రం వాళ్ళే తిరిగి వేయాలి" అన్నాడు. అక్కడే నిలబడి రాసిచ్చాను.

మేం అప్పుడు హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో అద్దెకు ఉండేవాళ్ళం. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, ఆ వీధిలోనే ఉండిపోయిన వాళ్ళం. ఆయన జూనియర్ కాలేజీ లెక్చరర్. గెజిటెడ్ కాబట్టి, అడ్మిషన్ల రోజుల్లో వీధిలోని పిల్లలంతా మార్కుల మెమోల జిరాక్సులు పట్టుకుని ఆయన సంతకం కోసం వచ్చేవారు. అసలు కాగితం కళ్ళతో చూస్తేగానీ ఆకుపచ్చ సిరా పెన్ను మూత తీసేవారు కాదు.

కోఠీలో ఉన్న ఫైనాన్స్ కంపెనీకి రసీదు జిరాక్సు, పాస్‌బుక్కు పేజీ జిరాక్సు పట్టుకుని వెళ్ళాను. అక్కడి కుర్రాడు కంప్యూటర్లో నంబరు కొట్టాడు.

"మేడం, లోన్ అయితే క్లోజే. కాని ఆ నెల ఈసీఎస్ లిస్టు మేం ముందే పంపేసినం. గందుకే కట్ అయింది. ఇప్పుడు మీ లోన్‌లో ఒక కిస్తీ ఎక్కువ జమ చూపెడుతుంది. అది వాపస్ పోయేదాక సర్టిఫికెట్ ప్రింట్ కాదు."

"మీరే తీసుకున్నారు, మీరే వాపసు ఇవ్వచ్చు కదా?"

"ఇస్తం మేడం, ఇయ్యకుండ ఏడికి పోతం? సార్ సంతకంతోని లెటర్ కావాలె. లోన్ సార్ పేరు మీద ఉంది."

ఉత్తరం ఇంగ్లీషులో నేనే రాశాను. అప్పు ఫలానా తేదీన పూర్తిగా చెల్లించాం, రసీదు జతచేశాం, అయినా కిస్తీ కోశారు, దాన్ని అదే ఖాతాకు తిరిగి జమచేయండి, బ్యాంకుకు ఇచ్చిన అనుమతి రద్దు చేయండి, నో డ్యూస్ సర్టిఫికెట్టూ, స్కూటరు ఆర్‌సీ మీద మీ కంపెనీ పేరు తీయించడానికి కావలసిన కాగితాలూ ఇవ్వండి. ఇంతే. ఆయన మంచం మీద నుంచే విని, ఒక్క చోట ఆపారు. 'రిక్వెస్ట్' అన్న మాట రెండుసార్లు వచ్చిందట. ఒకటి కొట్టేయమన్నారు.

సంతకం చేయడానికి చాలాసేపు పట్టింది. ఆయన కుడిచేతిని నేను ప్యాడ్ మీద పెట్టాను. పట్టుకోబోతే "వద్దు" అన్నారు. పేరులో మొదటి అక్షరం వచ్చింది. మిగతాది కిందికి జారిపోయింది.

కోఠీ కుర్రాడు దాన్ని అప్పు పత్రంలోని సంతకం పక్కన పెట్టి చూశాడు. నాకు చూపించాల్సిన అవసరం లేదు, అయినా చూపించాడు.

"టాలీ అయితలేదు మేడం. హెడ్డాఫీసు వాళ్ళు వాపస్ కొడతరు." గొంతు తగ్గించాడు. "ఇంట్ల ఎవరన్నా సార్ లెక్కనే సంతకం పెట్టి తెస్తే నేనేం అడుగుత? పెద్ద పైసలు గిట్ల కావు కద."

ఇంటికి వచ్చి చెప్పాను. అప్పుడే పాలు పోసి కూర్చున్న పక్కింటి డెయిరీ యజమాని నవ్వాడు. వాళ్ళది అక్కడ తరాల నుంచి బర్రెల వ్యాపారం. మా స్కూటరు కొంటానని మాట ఇచ్చింది అతనే. కంపెనీ పేరు ఆర్‌సీ మీద ఉన్నంతకాలం బండి అతని పేరుకు మారదు.

"అక్కా, ఇంత లొల్లెందుకు? సారు సంతకం నీకు రాదా ఏంది? ఇన్నేండ్ల సంసారం. గీకెయ్, ఖతమైపోతది."

మా ఆయన మంచం మీద నుంచి ఏదో అన్నారు. అతనికి అర్థం కాలేదు. నేను చెప్పాను: "దొంగ సంతకం వద్దంటున్నారు."

"అరె సారూ, నీ సంతకమే గద. నీ పెండ్లామే గద. నా బిడ్డ మెమో అసలుది తేలేదని నన్ను మూడుసార్లు తిప్పినవ్, యాదుందా? ఇంక మారలే నువ్వు." తర్వాత నవ్వు ఆపి, "ఫికర్ చెయ్యకు, బండి నాకేం తొందర లేదు" అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే కాగితం అడగడం మొదలుపెట్టారు. పాత ప్రశ్నపత్రాల వెనకవైపు సంతకం అభ్యాసం చేసేవారు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి సంతోషించింది. చేతికి ఇంతకన్నా మంచి మందు లేదంది. రెండు మూడు వారాలకు అక్షరాలు గీత మీద నిలిచాయి. పాత సంతకం కాదు, కానీ చదవడానికి వచ్చేది. ఇంకొంచెం ఆగితే కుదురుతుందని ఆయన నమ్మారు. నేనూ నమ్మాను.

కానీ ఆగలేకపోయింది నేను. అద్దె, మందులు, సగం జీతపు సెలవు. స్కూటరు డబ్బు కావాలి. మేనేజరు దగ్గరికి వెళ్ళి వేరే దారి ఉందా అని అడిగాను.

"సంతకం రోజుకో రకంగా ఉంటే మేం కూడా ధ్రువీకరించలేమమ్మా. వేలిముద్ర వేయించండి. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు మా బ్యాంకు మనిషి. డాక్టరు చీటీ ఒకటి జతచేయండి. నేనే మీ ఇంటికి వస్తాను" అన్నాడు.

అన్నమాట ప్రకారం వచ్చాడు. స్టాంపు ప్యాడు కూడా అతనే తెచ్చాడు. పక్కింటాయన రెండో సాక్షి. ఆ రోజు అతను హాస్యమాడలేదు. గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. మగవాళ్ళకు ఎడమ బొటనవేలు కాబట్టి కష్టం లేకపోయింది. ఆ చేయి బాగానే ఉంది. మా ఆయన వేలు తానే ప్యాడ్ మీద పెట్టి, తానే కాగితం మీద అద్దారు. ముద్ర స్పష్టంగా పడింది. మేనేజరు దాని పక్కన ఆయన పేరు రాసి, కింద తన సంతకం చేసి ముద్ర కొట్టాడు. నేను తడిగుడ్డతో వేలు తుడిచాను.

ఉత్తరం ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. కొన్నాళ్ళకు కిస్తీ ఖాతాలో తిరిగి జమైంది. ఆ తర్వాత సర్టిఫికెట్టు పోస్టులో వచ్చింది. బకాయిలేవీ లేవని, ఆర్‌సీలో పేరు తీయడానికి అభ్యంతరం లేదని ఉంది. ఆయనకు చదివి వినిపించాను. తలూపారు. స్కూటరు పక్కింటికి వెళ్ళింది.

ఆయన ఇంకా మూడేళ్ళు బతికారు. పెన్షన్ కాగితాలన్నీ వేలిముద్రతోనే అయ్యాయి, ఎవరూ ఏ అభ్యంతరం చెప్పలేదు. వ్యాయామం అమ్మాయి కొన్నాళ్ళు అడిగి చూసింది, పెన్ను చేతిలో పెట్టి చూసింది. వేలిముద్ర వేసిన రోజు నుంచి ఆయన పొద్దున్నే కాగితం అడగడం మానేశారు.