పెద్ద కెప్టెన్

ఆయన డ్యూటీ నుంచి వచ్చాక నల్లకోటు దులిపి తగిలించడం నా పని. ఆయన పోయిన ఈ మూడు నెలలుగా సాయంత్రాలు వాటంతటవే వచ్చి పోతున్నాయి.

మావారు హోటల్లో మీటింగులు, విందులు జరిగే హాలుకి కెప్టెన్; అక్కడి ఏర్పాట్లన్నీ ఆయనే చూసేవారు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ హాలు నాకు చూపించలేదు. అయినా నాకు దాని మూలమూలా తెలుసు. మీటింగు పెట్టేవాళ్ళు ఏమేం కావాలో రాసి పంపే కాగితాన్ని అన్నం తింటూ నాకు చదివి వినిపించేవారు. నేనేదో అనేదాన్ని. మర్నాడు హాల్లో, "ఇంట్లో పెద్ద కెప్టెన్‌ని అడిగొచ్చా" అనేవారట.

నిన్న పొద్దున శనగలు ఏరుతుంటే ఫోను మోగింది. ఆయన కింద పనిచేసిన అబ్బాయి. ఇప్పుడు ఆయన చోటు అతనిదే, ఇంకా పర్మనెంటు కాలేదు.

"వదినా, ఏమీ అనుకోకు. నా ఉద్యోగం ఊడేలా ఉంది. ఈ కాగితం ఒక్కసారి విను."

తొంభై మంది. పొద్దున స్కూల్లోలా వరస బల్లలు, ముందు తెర, ప్రొజెక్టరు. మాట్లాడేవాళ్ళకు కాలరు మైకు, ప్రశ్నలడిగేవాళ్ళకు రెండు చేతి మైకులు. పదకొండుకు టీ, ఒంటిగంటకు భోజనం. ముప్పావుగంట తర్వాత అదే హాల్లో గుండ్రటి బల్లల చుట్టూ చర్చ.

"ముప్పావుగంటలో అన్ని బల్లలు మార్చడానికి నేనేమైనా మంత్రగాడినా? పన్నెండులోగా మీటింగు పెట్టే ఆవిడకి సరేనో కాదో చెప్పాలి."

పళ్ళెంలో సీసా మూతలు పెట్టాను. అవి బల్లలు. చుట్టూ శనగలు పేర్చాను. ఉన్నట్టుండి వంటింట్లో పెద్ద హాలు తెరుచుకున్నట్టయింది. తెల్లగుడ్డల మధ్య ఆయన చప్పుడు లేకుండా నడుస్తున్నారు. ఒక్కొక్క కుర్చీ దగ్గర ఆగి, తెర వైపు చూస్తున్నారు.

సగం శనగలు తెరకు వీపు పెట్టి ఉన్నాయి. వాటిని తీసి, ఇంకొన్ని మూతలు చేర్చి, తెర వైపు చూసేలా పేర్చాను.

"పొద్దున్నుంచే గుండ్రటి బల్లలు వేసెయ్యి నాన్నా. బల్లకి ఆరుగురే. తెరకు వీపు పెట్టే కుర్చీలు వద్దు. నీ హాల్లో పదిహేను బల్లలు పడతాయిగా?"

"పడతాయి. మరి మధ్యాహ్నం?"

"మధ్యాహ్నం కుర్చీలు కాస్త జరుపుకుంటారు, అంతే. టీ బయట వరండాలో పెట్టించు, కప్పుల చప్పుడు మైకులో పడకుండా."

"నువ్వు మగాడివై పుట్టుంటే నాకీ ఉద్యోగమే దక్కేది కాదు, వదినా!"

"ముందు ఆవిడని అడుగు, మీటింగు ఆవిడది."

అరగంటకి మళ్ళీ చేశాడు. ఆవిడ ఒప్పుకుందట. "కుర్చీలు ఇలా వేద్దామన్నది ఎవరని అడిగింది వదినా. మా పెద్ద కెప్టెన్ అన్నాను."

ఎన్నాళ్ళకో నవ్వు వచ్చింది. నవ్వుతూనే పళ్ళెంలోకి చూశాను. కూరకి ఆ శనగలు ఏరి నానబెట్టాలి. పదిహేను మూతలు, తొంభై శనగలు. వాటి మధ్య ఆయన ఇంకా తిరుగుతున్నారు.

పళ్ళెం కదపలేదు. రాత్రికి కూర లేకపోతే లేకపోయింది.